చూపు లెన్స్‌ మీదే: టెలీప్రాంప్టర్ యాప్‌తో చదవడం

టెలీప్రాంప్టర్ యాప్ చేసే పని చాలా చిన్నది. ముందే రాసిపెట్టుకున్న మాటలను ఫోన్ లేదా ట్యాబ్ తెర మీద పెద్ద అక్షరాల్లో చూపిస్తూ, కింది నుంచి పైకి ఒకే వేగంతో జరుపుతూ పోతుంది. ఇలాంటి యాప్‌లలో చాలావరకు అదే సమయంలో ఫోన్ ముందు కెమెరాతో వీడియో కూడా తీస్తాయి. చదివేవారు మాటలు మరిచిపోకుండా యాప్ చూసుకుంటుంది. చదువుతున్నట్టు కనిపించకుండా ఉండటం మాత్రం దాని చేతిలో లేదు. అది తెర ఎంత దూరంలో ఉంది, చదివే వరుస లెన్స్‌కు ఎంత దగ్గరగా ఉంది, వాక్యాలు ఎలా రాశారు అన్నవాటి మీద ఆధారపడుతుంది. యాప్ బాగాలేదని ఒకటి తీసేసి ఇంకొకటి వేసుకునేవారి ఇబ్బంది చాలాసార్లు ఈ మూడింటిలోనే ఉంటుంది.

టీవీ స్టూడియోలో ఈ పని అద్దంతో జరుగుతుంది. కెమెరా లెన్స్ ముందు 45 డిగ్రీల వాలుతో ఒక ప్రత్యేకమైన గాజుపలక ఉంటుంది. దాని కింద వెల్లకిలా పెట్టిన తెర మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తూ ఉంటాయి. గాజు వాటిని న్యూస్ రీడర్ వైపు ప్రతిఫలింపజేసేసరికి సరిగ్గా కనిపిస్తాయి. ఆ గాజు తన మీద పడిన వెలుతురులో సుమారు 70 శాతాన్ని లోపలికి వదిలి, 30 శాతాన్ని వెనక్కి తిప్పుతుంది. అందువల్ల వెనకున్న కెమెరాకు మనిషి కనిపిస్తాడు, ముందున్న మనిషికి అక్షరాలు కనిపిస్తాయి. చదివేవారి చూపు అక్షరాల మీద ఉన్నా, ఆ అక్షరాల వెనకే లెన్స్ ఉంది కాబట్టి చూపు ప్రేక్షకుడి కళ్లలోకే వచ్చినట్టుంటుంది.

ఫోన్‌లో ఆ గాజు లేదు. లెన్స్ తెర పై అంచున ఉంటుంది, అక్షరాలు దాని కింద ఉంటాయి. రెంటికీ మధ్య కొన్ని సెంటీమీటర్ల ఎడం తప్పదు. చదివేవారికి అది పట్టించుకోదగ్గ దూరం అనిపించకపోవచ్చు కానీ, ఎదుటివాళ్లు ఎక్కడ చూస్తున్నారో కనిపెట్టడంలో మనిషి కన్ను చాలా చురుకైంది. ఇక్కడ సెంటీమీటర్ల కన్నా కోణమే ముఖ్యం. అదే ఎడం దగ్గర నుంచి చూస్తే పెద్ద కోణం, దూరం నుంచి చూస్తే చిన్న కోణం అవుతుంది.

లెక్క వేసి చూస్తే తేడా బోధపడుతుంది. యాప్‌లు చాలావరకు చదివే వరుసను తెర మధ్యలో బాణం గుర్తుతో చూపిస్తాయి. నిలువుగా పట్టుకున్న మామూలు ఫోన్‌లో ఆ గుర్తు లెన్స్‌కు 7 సెంటీమీటర్ల కింద ఉంటుంది. ఫోన్‌ను చేతిలో పట్టుకున్నట్టు 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుంటే, చూపు లెన్స్ నుంచి దాదాపు 10 డిగ్రీలు కిందికి దిగుతుంది. చూసేవాళ్లకు ఆయన తమ గడ్డం కిందనో ఛాతీ మీదనో దేన్నో చూస్తున్నట్టు ఉంటుంది. అదే బాణం గుర్తును లెన్స్‌కు 3 సెంటీమీటర్ల కిందికి జరిపి, ఫోన్‌ను 90 సెంటీమీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద నిలబెడితే ఆ కోణం 2 డిగ్రీల లోపుకు వస్తుంది. ఫోన్ అదే, యాప్ అదే. మారినవి గుర్తు, దూరం మాత్రమే.

కోణం ఎటువైపు ఉందన్నది కూడా తేడా తెస్తుంది. వీడియో కాల్స్‌లో చూపు గురించి మిల్టన్ చెన్ అనే పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశీలన 2002లో వెలువడింది. ఎదుటి మనిషి చూపు కెమెరాకు కాస్త కిందికి ఉన్నప్పుడు, సుమారు 5 డిగ్రీల వరకు, చూసేవాళ్లు అది తమవైపే ఉన్నట్టు సర్దుకుంటారని అందులో తేలింది. పక్కకో పైకో జరిగితే ఆ ఓర్పు లేదు, కొద్దిపాటి తేడా కూడా ఇట్టే దొరికిపోతుంది. అక్షరాలు లెన్స్‌కు కిందే ఉండాలి, పక్కన ఉండకూడదు అనడానికి ఇదే కారణం.

ఫోన్‌ను అడ్డంగా తిప్పినప్పుడు చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇక్కడే పుడుతుంది. యూట్యూబ్‌కు అడ్డం వీడియో కావాలి కాబట్టి ఫోన్ తిప్పుతారు. పైనున్న లెన్స్ అప్పుడు ఒక పక్కకు వస్తుంది. అక్షరాలు తెర మధ్యలో ఉంటే 90 సెంటీమీటర్ల దూరం నుంచి కూడా చూపు 4 డిగ్రీలకు పైగా పక్కకు పోతుంది. మనిషి మాట్లాడుతున్నంతసేపూ గదిలో ఇంకెవరినో చూస్తున్నట్టు ఉంటుంది. అడ్డంగానే తీయక తప్పకపోతే, యాప్ సెట్టింగ్స్‌లో మార్జిన్‌ను బాగా పెంచి, అక్షరాల వరుసను లెన్స్ ఉన్న పక్కకు సన్నని పట్టీలా నెట్టాలి. ఇంకో ఫోన్‌తో వీడియో తీస్తూ, యాప్ ఉన్న ఫోన్‌ను దాని లెన్స్‌కు సరిగ్గా కింద ఆనించి పెట్టడం అంతకన్నా మేలు. వెనక కెమెరా నాణ్యత సాధారణంగా ముందు కెమెరా కన్నా బాగుంటుంది కాబట్టి ఆ లాభం కూడా కలిసివస్తుంది.

లెన్స్‌కు దగ్గరగా చదివినా కళ్లు అటూ ఇటూ ఊగితే చదువుతున్న సంగతి బయటపడుతుంది. కన్ను వరుస మీద జారుతూ పోదు, చిన్న చిన్న గెంతులు వేస్తుంది. వరుస చివరికి చేరాక ఒక్కసారిగా ఎడమకు తిరిగివస్తుంది. ఆ తిరుగు గెంతే ప్రేక్షకుడికి బాగా కనిపిస్తుంది. వరుస వెడల్పు తగ్గేకొద్దీ గెంతు చిన్నదవుతుంది. 6 సెంటీమీటర్ల వరుసను 40 సెంటీమీటర్ల నుంచి చదివితే కళ్లు ఎనిమిదిన్నర డిగ్రీలు తిరగాలి. 90 సెంటీమీటర్ల నుంచి అయితే 4 డిగ్రీల లోపే సరిపోతుంది. అంటే దూరం రెండు దోషాలనూ ఒకేసారి తగ్గిస్తుంది.

దూరానికి హద్దు మాత్రం ఉంది. వెనక్కి జరిగేకొద్దీ అక్షరాలు పెద్దవి చేయాలి, ఫోన్ తెర వెడల్పు పెరగదు. తెలుగులో ఈ హద్దు ఇంకా త్వరగా వస్తుంది. మన మాటలు పొడవు, ఒక్క మాటలోనే విభక్తి, కాలం, మర్యాద అన్నీ కలిసిపోతాయి. అక్షరం కింద వత్తులకు, పైన గుడులకు చోటు కావాలి కాబట్టి వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ ఉంచాలి. ఫోన్‌కు 80 నుంచి 100 సెంటీమీటర్ల దూరంలో, వరుసకు రెండు మూడు మాటలు పట్టేలా పెట్టుకుంటే సౌకర్యంగా ఉంటుంది. అంతకన్నా వెనక్కి పోతే వరుసకు ఒక్క మాటే మిగిలి, చదువు ముక్కలవుతుంది. దూరం పెరిగితే ఫోన్ మైకు గది ప్రతిధ్వనిని కూడా పట్టుకుంటుంది కనుక కాలర్ మైకు పెట్టుకోవాల్సి ఉంటుంది.

ఇంతకు మించిన దూరం కావాలంటే ట్యాబ్, దానికి తగిన గాజు పెట్టె అవసరం. స్టూడియో పద్ధతికి ఇది చిన్న రూపం. యాప్‌లో అద్దం ఆప్షన్ ఆన్ చేస్తే అక్షరాలు తిరగబడతాయి, గాజులో సరిగ్గా కనిపిస్తాయి. ఇక్కడ నేపథ్యం తప్పనిసరిగా నల్లగా, అక్షరాలు తెల్లగా ఉండాలి. తెల్లని నేపథ్యం పెడితే తెర మొత్తం గాజులో మెరిసి అక్షరాలను మింగేస్తుంది. గాజు వెనక కెమెరా చుట్టూ నల్లగుడ్డ కప్పాలి, లేకపోతే వెనక వెలుతురు గాజులోంచి లెన్స్‌లో పడి బొమ్మ పాలిపోతుంది. కళ్లజోడు ఉన్నవారికి గాజు లేకపోయినా నల్లని నేపథ్యమే మంచిది. తెల్లటి తెర వాళ్ల అద్దాల్లో నలుచదరపు మెరుపుగా కనిపిస్తుంది. ముందు కెమెరాతో తీసేవాళ్లు మరొకటి కూడా చేయాలి. అక్షరాల వెనక తమ ముఖం కనిపించే ప్రివ్యూను ఆపేయాలి. అది ఉంటే కళ్లు తెలియకుండానే దానివైపు పోతాయి.

చూపు కుదిరాక గొంతు సంగతి. చదివే గొంతుకూ మాట్లాడే గొంతుకూ తేడా ఎక్కడ వస్తుందో గమనిస్తే అసలు చిక్కు స్క్రిప్ట్‌లో ఉందని తెలుస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. చేయాలా, చేయకూడదా, జరిగిందా, జరగలేదా అన్నది ఆఖరి మాట దాకా తెలియదు. మాట్లాడేటప్పుడు ఆ ముగింపు ముందే మనసులో ఉంటుంది కాబట్టి గొంతు దానికి తగ్గట్టు లేస్తుంది, దిగుతుంది. ప్రాంప్టర్‌లో పొడవాటి వాక్యం నాలుగైదు వరుసలు సాగి, క్రియ ఇంకా తెర అడుగున ఉంటే, ఏ మాట మీద బరువు వేయాలో చదివేవారికి తెలియదు. దాంతో అన్నిటినీ ఒకే స్వరంలో చదివేస్తారు. బడిపిల్లల అప్పజెప్పుడు ధోరణి వచ్చేది అందుకే. కర్త వెంటనే క్రియ వచ్చే భాషల వాళ్లకు ఇంగ్లిష్‌లో రాసిన ప్రాంప్టర్ సలహాలు సరిపోతాయేమో గానీ, తెలుగులో వాక్యం పొట్టిగా ఉండటం వాళ్లకన్నా మనకే ఎక్కువ అవసరం. క్రియతో సహా వాక్యమంతా ఒకేసారి తెర మీద కనబడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పిల్లల డాక్టరు ఒకరు తల్లుల కోసం ఓఆర్ఎస్ గురించి 3 నిమిషాల వీడియో చేయాలనుకున్నారు. ఆవిడ మొదట రాసుకున్న వాక్యం ఇలా ఉంది: “విరేచనాలతో బాధపడుతున్న చిన్నారులకు శరీరంలో తగ్గిన నీటిని, లవణాలను భర్తీ చేయడానికి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో పూర్తిగా కలిపిన ఓఆర్ఎస్ ద్రావణాన్ని 24 గంటల లోపు కొద్దికొద్దిగా తాగించాలి.” కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు. ఫోన్ తెర మీద ఇది ఎనిమిది తొమ్మిది వరుసలు పడుతుంది, “తాగించాలి” అన్న మాట దాదాపు చివరిదాకా కనబడదు. క్లినిక్‌లో ఎదుట కూర్చున్న తల్లికి ఆవిడ ఈ మాట ఇలా చెప్పరు. అక్కడ చెప్పినట్టే రాస్తే స్క్రిప్ట్ ఇలా వస్తుంది: “పిల్లలకు విరేచనాలు అవుతుంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి. ఉప్పు కూడా తగ్గిపోతుంది. అవి తిరిగి రావాలంటే ఓఆర్ఎస్ తాగించాలి. లీటరు ప్యాకెట్ తీసుకోండి. కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు పోయండి. ప్యాకెట్ మొత్తం అందులో కలిపేయండి. కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. ఇరవై నాలుగు గంటలు దాటితే, మిగిలింది పారబోయండి.”

ఇక్కడ 24 అన్న అంకె అక్షరాల్లోకి మారడం గమనించాలి. పుస్తకంలో అంకె కంటికి సుఖం. ప్రాంప్టర్‌లో అది మాట కాదు కాబట్టి కన్ను దాని దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, ఆ తడబాటు వీడియోలో కనిపిస్తుంది. “ఓఆర్ఎస్” లాంటి పొడి అక్షరాలను కూడా పలికే తీరులోనే రాసుకోవాలి.

వరుసలను ఎక్కడ విరవాలన్నది తర్వాతి మెట్టు. యాప్‌కు వదిలేస్తే తెర వెడల్పు ఎక్కడ అయిపోతే అక్కడ విరుస్తుంది. “కాచి చల్లార్చిన / నీళ్లు ఒక / లీటరు పోయండి” అని పడితే, “ఒక” దగ్గర గొంతు తెగుతుంది. చేత్తో ఎంటర్ కొట్టి ఇలా విరిస్తే శ్వాస సరిగ్గా పడుతుంది:

కాచి చల్లార్చిన నీళ్లు
ఒక లీటరు పోయండి.

ప్యాకెట్ మొత్తం
అందులో కలిపేయండి.

వాక్యం అయిపోయిన చోట ఒక ఖాళీ వరుస ఉంచితే ఆ ఖాళీయే విరామం అవుతుంది. ముఖ్యమైన మాట తర్వాత ఆగాలనుకుంటే రెండు ఖాళీ వరుసలు. బొద్దు అక్షరాలు వరుసకు ఒకటికి మించి పెడితే ఏదీ ముఖ్యంగా కనిపించదు.

స్క్రిప్ట్ యాప్‌లోకి ఎక్కించేటప్పుడు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే అడ్డంకి ఒకటుంది. డీటీపీ సెంటర్లలో, పత్రికాఫీసుల్లో ఇప్పటికీ వాడే అను ఫాంట్లలో టైపు చేసిన మ్యాటర్ యాప్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులుగా కనిపిస్తుంది. అది యూనికోడ్ కాకపోవడమే కారణం. దాన్ని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, వత్తులు, నకారపొల్లు సరిగ్గా వచ్చాయో లేదో ఒకసారి చదివి చూసుకోవాలి. మార్పిడిలో ఎక్కువగా చెడేవి అవే.

ఇక వేగం. ఇప్పటి ప్రాంప్టర్‌కు మూలమైన యంత్రం 1950 ప్రాంతంలో అమెరికాలో పుట్టింది. మాటలు గుర్తుంచుకోవడం కష్టమైన ఫ్రెడ్ బార్టన్ అనే రంగస్థల నటుడి ఆలోచనకు ఇంజనీరు హ్యూబర్ట్ ష్లాఫ్లీ, ఇర్వింగ్ కాన్ కలిసి రూపమిచ్చారు. అందులో కాగితపు చుట్ట తిరిగేది, దాన్ని తిప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. టీవీ స్టూడియోలో ఈనాటికీ ప్రాంప్టర్ ఆపరేటర్ న్యూస్ రీడర్ గొంతును వింటూ అక్షరాలను జరుపుతారు. ఆమె ఆగితే ఆపరేటరూ ఆపుతారు. అంటే యంత్రం మనిషి వెనక నడుస్తుంది. యాప్‌లో ఆపరేటర్ లేరు, అందుకే చాలామంది యాప్ వెనక పరుగెడతారు.

గొంతును విని తనే జరిగే సదుపాయం కొన్ని యాప్‌లలో ఉంది. యాప్ భాషల జాబితాలో తెలుగు ఉంటేనే అది పనిచేస్తుంది. తెలుగు మధ్యలో ఇంగ్లిష్ మాటలు దొర్లినప్పుడు, స్క్రిప్ట్‌లో లేని మాట ఒకటి కలిపినప్పుడు అది తికమకపడి ఆగిపోవచ్చు. అందువల్ల ముందుగా వేగాన్ని కొలుచుకుని పెట్టుకోవడం నమ్మకమైన దారి. కొలత ఎవరికి వారు తీసుకోవలసిందే. డాక్టరుగారు క్లినిక్‌లో మాట్లాడే తీరులో ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసుకుని, మాటలు లెక్కపెట్టారనుకుందాం. 95 వచ్చాయి. 3 నిమిషాలకు 285 మాటలు. విరామాలు పోను 270 మాటల స్క్రిప్ట్ చాలు. వరుసకు రెండున్నర మాటల లెక్కన సుమారు 108 వరుసలు, అంటే నిమిషానికి 36. చాలా యాప్‌లలో వేగం 1 నుంచి 10 వరకో 100 వరకో ఉండే ఒక సంఖ్య మాత్రమే, దానికి నిమిషాలతో సంబంధం ఉండదు. కాబట్టి ఆ సంఖ్యను మారుస్తూ, మొదటి వరుస నుంచి ఆఖరి వరుస దాకా జరగడానికి 3 నిమిషాలు పట్టే చోట నిలపాలి. అక్షరాల సైజు మార్చిన ప్రతిసారీ ఈ కొలత మళ్లీ తీసుకోవాలి. సైజు పెరిగితే వరుసలు పెరుగుతాయి, పాత వేగం సరిపోదు.

ఆపి మళ్లీ నడిపే చిన్న బ్లూటూత్ రిమోట్ చేతిలో ఉంటే ఈ లెక్కలో ఉన్న బిగువు సడలుతుంది. ప్యాకెట్ చింపి నీళ్లలో కలిపి చూపించేటప్పుడు ఆవిడ ఒక్క నొక్కుతో అక్షరాలను ఆపవచ్చు. ఆ సమయంలో చూపు ప్యాకెట్ మీదే ఉండాలి. చేతిలో వస్తువు పెట్టుకుని లెన్స్‌లోకే చూస్తూ ఉండటం కూడా అసహజమే. అసలు ఎవరూ ఎదుటి మనిషి కళ్లలోకి ఆపకుండా 3 నిమిషాలు చూడరు. పైగా తెర మీద చదివేటప్పుడు మనిషి రెప్పలు వేయడం తగ్గిపోతుంది, అందుకే ప్రాంప్టర్ ముందు ముఖాలు గుడ్లు అప్పగించినట్టు కనిపిస్తాయి. ఖాళీ వరుసలు ఇక్కడ రెండో పని చేస్తాయి. అక్కడ రెప్ప వేయడం, ఒకసారి తల కదపడం, ఆలోచిస్తున్నట్టు చూపు క్షణంపాటు కిందికి దించడం అలవాటు చేసుకుంటే కళ్లకు విశ్రాంతి దొరుకుతుంది.

పూర్తి టేక్‌కు ముందు 20 సెకన్లు తీసి రెండుసార్లు చూడాలి. మొదటిసారి శబ్దం ఆపేసి, వీలైతే టీవీ మీద పెద్దగా వేసి, కళ్లను మాత్రమే గమనించాలి. కనుపాపలు అటూ ఇటూ ఊగుతుంటే వరుస వెడల్పు ఎక్కువ, లేదా ఫోన్ దగ్గరగా ఉంది. చూపు నెమ్మదిగా కిందికి జారుతూ ఉంటే అక్షరాలు మెల్లగా వస్తున్నాయి, కళ్లు రాబోయే వరుస కోసం కిందికి వెతుకుతున్నాయి. పైకి పోతూ గొంతు తొందరపడుతుంటే వేగం ఎక్కువైంది, వరుసలు చేజారిపోతున్నాయి. రెండోసారి తెర చూడకుండా శబ్దం మాత్రమే వినాలి. వాక్యం మధ్యలో తెగినట్టు వినిపించిన ప్రతిచోటా స్క్రిప్ట్‌లో వరుస తప్పుచోట విరిగి ఉంటుంది. అన్ని వాక్యాలూ ఒకే రాగంలో ముగుస్తుంటే అవి ఇంకా పొడవుగా ఉన్నాయని అర్థం. వాటిని గొంతుతో సరిచేసుకోబోయే బదులు స్క్రిప్ట్‌లోనే కోయాలి.

మూడు నిమిషాలూ ఒకే టేక్‌లో రావాలన్న పట్టుదల అక్కర్లేదు. స్క్రిప్ట్‌ను ఎలా కలపాలి, ఎంత తాగించాలి, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకురావాలి అన్న మూడు ముక్కలుగా విడదీసి, వేర్వేరుగా తీసి కలపవచ్చు. ఒక్కో ముక్క 90 మాటలే కాబట్టి తీయబోయే ముందు రెండుసార్లు పైకి చదివితే సగం నోటికి వచ్చేస్తుంది, అప్పుడు కన్ను వరుసలో మొదటి మాటను తాకితే చాలు. తల్లుల సందేహాలకు జవాబు చెప్పే భాగం మాత్రం ప్రాంప్టర్‌కు పనికిరాదు. అక్కడ ఆవిడకు కావలసింది మరిచిపోకూడని అంశాలు రెండు మూడు: జింకు మాత్రలు 14 రోజులు, తల్లిపాలు ఆపకూడదు, బిడ్డ మగతగా ఉంటే వెంటనే తీసుకురావాలి. వాటిని కదలని అక్షరాలుగా లెన్స్ కింద ఒక చీటీ మీద రాసి అంటిస్తే సరిపోతుంది.